రెండు శాతం క్విజ్: సున్నా వేసి చూడు, పూర్తి మార్కులు వేసి చూడు

ప్రశ్న: “నాకు పదహారేళ్లు. శుక్రవారం కెమిస్ట్రీ క్విజ్ ఉంది. దాని వెయిటేజీ రెండు శాతమే. ఎలా రాసినా నా గ్రేడు మారదని అనిపిస్తోంది. సోమవారం లెక్కల పరీక్ష ఉంది, అది చాలా పెద్దది. క్విజ్‌కు చదవడం తగ్గించి ఆ సమయం లెక్కలకు ఇస్తే తప్పా? అమ్మేమో ఏ పరీక్షనూ చులకన చేయకూడదు అంటోంది.”

తప్పు కాదు. కానీ నువ్వు రాసిన ‘అనిపిస్తోంది’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మారదని అనిపించడం వేరు, మారదని తేలడం వేరు. తేల్చుకోవడానికి ఒక కాగితం, పది నిమిషాలు చాలు.

ఆ క్విజ్‌కు సున్నా వేసి సబ్జెక్టు మొత్తం కట్టు. తర్వాత పూర్తి మార్కులు వేసి మళ్లీ కట్టు. రెండు మొత్తాలూ ఒకే గ్రేడు హద్దుల్లో పడితే, మధ్యలో ఎన్ని వచ్చినా నీ గ్రేడు కదలదు. అప్పుడు ఆ గంటలను నిశ్చింతగా లెక్కలకు మళ్లించు. రెండు మొత్తాలూ వేర్వేరు గ్రేడుల్లో పడ్డాయా, అప్పుడు లెక్కల పుస్తకం మూసి కెమిస్ట్రీ తెరువు. వెయిటేజీ రెండు శాతమా పది శాతమా అన్నది ఒక్కటే చూసి ఈ నిర్ణయం తీసుకోకూడదు.

నేను 22 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ ప్రశ్న ప్రతి టర్మ్ చివరా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వాళ్లలో ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఆమెకూ అప్పుడు పదహారేళ్లే. అయితే ఆమె భయం నీ భయానికి సరిగ్గా తలకిందులు.

ఒక బుధవారం సాయంత్రం వచ్చి, “మాస్టారూ, శుక్రవారం కెమిస్ట్రీ క్విజ్ పోయిందంటే నాకు సి గ్రేడు వచ్చేస్తుంది. రెండు రోజులుగా దానికే చదువుతున్నాను. సోమవారం లెక్కల పరీక్షకు ఒక్క పేజీ కూడా తిప్పలేదు” అంది.

“సి వస్తుందని ఎవరన్నారు?” అని అడిగాను.

ఫోను తీసి బడి మార్కుల పోర్టల్ చూపించింది. కెమిస్ట్రీ ఎదురుగా 86.6 శాతం అని ఉంది. కింద ‘క్విజ్‌లు: 10 శాతం’ అని ఉంది. ఆమె వేసుకున్న లెక్క ఇదీ: క్విజ్ పోతే పది శాతం పోతుంది, 86.6లో పదో వంతు తీసేస్తే 77.9 మిగులుతుంది. 80 నుంచి 90 లోపు బి, 70 నుంచి 80 లోపు సి. కాబట్టి సి.

తీసివేతలో తప్పు లేదు. తప్పంతా ఆ పది అన్న అంకెను అర్థం చేసుకోవడంలో ఉంది. అది ఒక్క క్విజ్ వెయిటేజీ కాదు, టర్మ్ మొత్తంలో జరిగే ఐదు క్విజ్‌లకూ కలిపి ఇచ్చిన వాటా. నాలుగు అయిపోయాయి, మిగిలింది ఒక్కటి. అంటే శుక్రవారం ఆమె చేతిలో ఉన్నది పది కాదు, రెండు. పిల్లలు చేసే పొరపాట్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఇదే. పోర్టల్‌లో విభాగం పేరు, దాని వాటా పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఒక్కో క్విజ్ వాటా ఎక్కడా రాసి ఉండదు, మనమే భాగించుకోవాలి. నువ్వు రాసిన రెండు శాతం కూడా ఒక్క క్విజ్‌దేనా, విభాగం మొత్తానిదా అన్నది ముందు చూసుకో.

నేనేమీ చెప్పకుండా నోటుపుస్తకం చివరి పేజీ తెరవమన్నాను. టర్మ్ మొదట్లో బడిలో ఇచ్చిన మార్కుల నియమాల కాగితం ముందు పెట్టుకుని, ఇప్పటిదాకా చేతికొచ్చినవి ఒక్కొక్కటే రాయమన్నాను. ఆమె రాసింది ఇలా ఉంది.

మూడు యూనిట్ పరీక్షలు, ఒక్కోదానికి 20 శాతం వాటా. వాటిలో వచ్చినవి 82, 88, 85. అంటే 16.4, 17.6, 17.0. కలిపితే 51.

ల్యాబుకు 20 శాతం వాటా, వచ్చింది 90. అంటే 18.

హోంవర్కుకు 10 శాతం, వచ్చింది 95. అంటే 9.5.

నాలుగు క్విజ్‌లు, ఒక్కోదానికి 2 శాతం. పదికి వచ్చినవి 9, 7, 8, 8. అంటే నలభైకి 32, దానికి ఎనిమిదిలో 6.4.

అన్నీ కలిపితే 84.9. ఇవి ఆమె పేరు మీద జమ అయిపోయిన మార్కులు. శుక్రవారం ఏం జరిగినా ఇవి వెనక్కి పోవు.

“ఇప్పుడు క్విజ్‌కు సున్నా వెయ్యి” అన్నాను. 84.9 అని రాసింది. “పదికి పది వెయ్యి.” 86.9 అని రాసింది. పెన్ను ఆ రెండు అంకెల మధ్య కాసేపు అటూ ఇటూ తిరిగింది. తర్వాత రెండింటి చుట్టూ కలిపి ఒకే సున్న చుట్టి, “రెండూ బి యే కదా మాస్టారూ” అంది. కాసేపాగి, కొంచెం కోపంగా, “అయితే నేను రెండు రోజులుగా దేనికి చదువుతున్నట్టు?” అంది. ఆ కోపం నా మీదో, పోర్టల్ మీదో ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ పోర్టల్ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె జమ 84.9 అయితే తెర మీద 86.6 ఎందుకు కనిపించింది? చాలా పోర్టళ్లు ఇంకా జరగని వాటిని పక్కన పెట్టి, అయినవాటి మీదే శాతం చూపిస్తాయి. అప్పటికి నూటికి 98 వంతులు అయ్యాయి, అందులో 84.9 వచ్చాయి. 84.9ని 98తో భాగిస్తే 86.6. అంటే ఆ అంకె ‘ఇప్పటిదాకా ఇలా రాశావు’ అని చెబుతోంది, ‘నీ ఖాతాలో ఇంత ఉంది’ అని కాదు. టర్మ్ చివర్లో ఈ రెండింటికీ తేడా చిన్నదే. కానీ సగం టర్మ్‌లో, పెద్ద పరీక్షలు మిగిలి ఉన్నప్పుడు, 90 శాతం అని కనిపించే అంకె వెనుక జమ అయినవి 30 మార్కులే ఉండొచ్చు. అందుకే తెర మీది శాతాన్ని పట్టుకుని ఎప్పుడూ లెక్క మొదలుపెట్టవద్దు. జమ నుంచి మొదలుపెట్టు.

ఇంతవరకూ తేలింది సగమే. క్విజ్ గ్రేడును మార్చదని తెలిసినంత మాత్రాన, మిగిలిన సమయం ఎక్కడ పెడితే ఫలితం మారుతుందో తెలియదు. అది కూడా ఇదే పద్ధతిలో చూడాలి. పేజీ తిప్పి లెక్కల సబ్జెక్టు రాయమన్నాను.

లెక్కల్లో మూడు యూనిట్ పరీక్షలు, ఒక్కోదానికి 25 శాతం. మొదటి రెండింటిలో 78, 70 వచ్చాయి. అంటే 19.5, 17.5. హోంవర్కుకు 15 శాతం, వచ్చింది 90, అంటే 13.5. క్విజ్‌లకు 10 శాతం, వచ్చింది 85, అంటే 8.5. జమ 59. మిగిలింది సోమవారం జరిగే మూడో పరీక్ష ఒక్కటే. సున్నా వేస్తే 59, పూర్తి మార్కులు వేస్తే 84. కెమిస్ట్రీలో రెండు చివర్ల మధ్య దూరం రెండు మార్కులు, ఇక్కడ ఇరవై ఐదు. ఆ దూరంలో రెండు గ్రేడు హద్దులు, 70, 80, పడి ఉన్నాయి.

బి కావాలంటే 80 చేరాలి. అంటే 25లో 21 రావాలి, నూటికి 84. మొదటి రెండు పరీక్షల సగటు 74. అదే తీరున రాస్తే 18.5 కలిసి 77.5 దగ్గర ఆగుతుంది, అది సి. అంటే ఆమె భయపడిన సి నిజంగానే ఉంది. కాకపోతే పక్క సబ్జెక్టులో ఉంది.

అప్పుడు నియమాల కాగితం ఇంకోసారి చదవమన్నాను. చివరి పంక్తిలో, మొత్తం వచ్చాక అర్ధం గానీ, అంతకు మించి గానీ ఉంటే పై పూర్ణాంకానికి సవరిస్తామని ఉంది. అంటే అసలు హద్దు 80 కాదు, 79.5. కావలసినవి 21 కాదు, 20.5. నూటికి 82. ఒక పంక్తి చదివినందుకు లక్ష్యం రెండు మార్కులు దిగింది. ఈ సవరణ అన్ని చోట్లా ఉండదు. కొన్ని చోట్ల 79.99 కూడా సి యే. కాగితంలో రాసి లేకపోతే లేనట్టే అనుకుని లెక్క వేసుకో, లేదా టీచర్‌ను నేరుగా అడుగు. ఇద్దరు పిల్లలు పరీక్ష అయ్యాక వెళ్లి సవరించమని బతిమాలడం చూశాను. ముందే అడిగితే అది మామూలు ప్రశ్న, తర్వాత అడిగితే అర్జీ.

తర్వాత సమయం. బుధవారం రాత్రి నుంచి శుక్రవారం పొద్దుటిదాకా క్విజ్ కోసం ఆరు గంటలు పెట్టుకుంది. నేను అడిగింది ఒకటే: “ఆ ఆరు గంటలు చదివితే ఎన్ని వస్తాయి, చదవకపోతే ఎన్ని వస్తాయి?” చదివితే పదికి తొమ్మిది, లేకపోతే ఆరు అంది. పాత క్విజ్‌ల మార్కులు చూస్తే ఆ అంచనా సబబుగానే ఉంది. మూడు మార్కుల తేడా అంటే మొత్తంలో 0.6. అదీ గ్రేడును కదపలేని 0.6. అదే ఆరు గంటలు లెక్కలకు పెట్టి సోమవారం నూటికి ఎనిమిది మార్కులు పెరిగితే మొత్తంలో రెండు మార్కులు పెరుగుతాయి. 77.5 కాస్తా 79.5 అవుతుంది. ఆమెకు కావలసింది సరిగ్గా అదే.

చదువు పూర్తిగా మానేయమని మాత్రం నేను చెప్పలేదు. క్విజ్‌కు నలభై నిమిషాలు ఉంచమన్నాను. కార్బన్ సమ్మేళనాల పేర్లు పెట్టడం మీద క్విజ్. పొడవైన గొలుసు ఎంచుకోవడం, ఏ చివర నుంచి అంకెలు వేయాలో చూసుకోవడం, ఈ రెండూ ఒకసారి సాధన చేసి పడుకోమన్నాను. చాలా చోట్ల మొదటి నలభై నిమిషాలు తెచ్చే మార్కులు తర్వాతి ఐదు గంటలు తేవు. మిగిలిన ఐదు గంటలూ లెక్కలకు.

ఇక లెక్కల్లో ఆ ఐదు గంటలు ఎలా వాడాలన్నది అసలైన పని. సమయం మళ్లించిన పిల్లల్లో సగం మంది ఇక్కడే చెడతారు. మొదటి పాఠం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతారు, వచ్చినవే మళ్లీ చేసి తృప్తి పడతారు. ఆమె రెండో పరీక్ష పేపరు తెచ్చుకుంటే ఇద్దరం కూర్చుని, పోయిన 30 మార్కులు ఎక్కడెక్కడ పోయాయో పక్కన రాశాం. వర్గ సమీకరణాల్లో వర్గాన్ని పూర్తి చేయడం, దాని మీద ఆధారపడిన గ్రాఫు ప్రశ్నలు: 16 మార్కులు. ప్లస్, మైనస్ గుర్తుల పొరపాట్లు: 8. సమయం చాలక వదిలేసినవి: 6. మూడో పరీక్షలో ఆ గ్రాఫులు మళ్లీ వస్తాయని టీచర్ ముందే చెప్పారు. కాబట్టి మళ్లీ పోయే అవకాశం ఉన్న మార్కులు ఎక్కడున్నాయో వెతకాల్సిన పని లేదు.

ఆ పదహారు మార్కుల వెనుక ఉన్నది నిజానికి ఒకే ఒక్క అడుగు. పేపరులో ఉన్నది ఇది:

2x² − 12x + 7

ఆమె దీన్ని 2(x² − 6x) + 7 అని రాసింది, అది సరే. ఆరులో సగం మూడు, దాని వర్గం తొమ్మిది, అదీ సరే. తర్వాత 2(x − 3)² − 9 + 7 అని రాసి, 2(x − 3)² − 2 అని తేల్చింది. బ్రాకెట్ లోపల కలిపిన తొమ్మిది బయటికి వచ్చేటప్పుడు రెండుతో గుణించుకుని పద్దెనిమిదిగా రావాలి. సరైనది 2(x − 3)² − 18 + 7, అంటే 2(x − 3)² − 11. ఈ ఒక్క తొమ్మిది, పద్దెనిమిది తేడా వల్ల గ్రాఫు అడుగు బిందువు తప్పింది, కనిష్ఠ విలువ తప్పింది, మూలాలూ తప్పాయి. ఒకే ప్రశ్న కింద నాలుగు ఉపప్రశ్నలు వరసగా పోయాయి.

సరిచూసుకునే ఉపాయం కూడా ఒకటి చెప్పాను. మార్చి రాసిన రూపంలో x స్థానంలో సున్నా పెట్టు. మొదటి రూపంలో సున్నా పెడితే 7 వస్తుంది. ఆమె రాసినదానిలో పెడితే రెండు తొమ్మిదులు పద్దెనిమిది, రెండు తీసేస్తే 16. ఏడు రావలసిన చోట పదహారు వచ్చిందంటే దారిలో ఎక్కడో జారింది. సరైనదానిలో పెడితే 18లోంచి 11 పోతే 7. ఈ సరిచూడటానికి పది సెకన్లు పడుతుంది. ఆ రాత్రి అలాంటివి పన్నెండు చేసింది. నాలుగోదానిలో మళ్లీ అదే పొరపాటు. సున్నా పెట్టి తనే పట్టుకుంది. ఆ తర్వాత అది రాలేదు.

శుక్రవారం క్విజ్‌లో పదికి ఆరు వచ్చాయి. మొత్తం 86.1, బి. సోమవారం లెక్కల్లో 83. మొత్తం 79.75, సవరణ తర్వాత 80, బి. ఆ ఐదు గంటల వల్లే తొమ్మిది మార్కులు పెరిగాయని నేను అనను. శని, ఆదివారాలు కూడా చదివింది, పేపరు కూడా కాస్త మెతకగానే వచ్చింది. కానీ వర్గాన్ని పూర్తి చేసే ప్రశ్నకు అన్ని ఉపప్రశ్నలూ కలిపి 12 మార్కులు ఉంటే, పన్నెండూ వచ్చాయి. అది మాత్రం పేపరులో కళ్లారా చూశాను.

ఈ కథ విని వెంటనే క్విజ్ పుస్తకం మూసేయకు. అదే ఏడాది ఇంకో అబ్బాయి, ఈ అమ్మాయి దగ్గరే విని, ‘రెండు శాతం క్విజ్ లెక్కలోకి రాదు’ అని మాత్రం గుర్తు పెట్టుకున్నాడు. రెండు చివర్లూ కట్టి చూడాలన్న సంగతి వదిలేశాడు. అతని కెమిస్ట్రీ జమ 98లో 78.2. సున్నా వేస్తే 78.2, పూర్తి మార్కులు వేస్తే 80.2. సవరణతో హద్దు 79.5. అది ఈ రెండింటి మధ్యలో ఉంది. హద్దు దాటడానికి 1.3 కావాలి, అంటే పదికి ఆరున్నర. ఆ రోజు ఆటకు వెళ్లి వచ్చి రాసిన క్విజ్‌లో ఐదు వచ్చాయి. 79.2. సి. ఒక్క మార్కున్నర తెచ్చుకోవడానికి అతనికి బహుశా గంట చాలేది. క్విజ్ అదే, వెయిటేజీ అదే, తరగతి కూడా అదే. తేడా అంతా అతని జమ హద్దుకు ఎంత దగ్గరగా ఉందన్న దానిలో ఉంది.

ఇక నీ విషయంలో లెక్క మారే సందర్భాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది. కెమిస్ట్రీలో క్విజ్ ఒక్కటే మిగిలిందా, చివరి పరీక్ష కూడా మిగిలి ఉందా? ఆ అమ్మాయికి క్విజ్ ఒక్కటే మిగిలింది కాబట్టి ‘మారదు’ అని గట్టిగా చెప్పగలిగాం. నీకు 40 శాతం వాటా ఉన్న చివరి పరీక్ష ఇంకా ఉంటే అలా చెప్పడానికి వీల్లేదు. అప్పుడు క్విజ్ గ్రేడును నేరుగా మార్చదు కానీ, చివరి పరీక్షలో నీకు ఎన్ని రావాలో దాన్ని మారుస్తుంది. ఎంత మారుస్తుందో రెండును నలభైతో భాగిస్తే తెలుస్తుంది: ఇరవయ్యో వంతు. క్విజ్ మొత్తం పోయినా చివరి పరీక్షలో నూటికి ఐదు మార్కులు అదనంగా తెచ్చుకోవాలి. తొమ్మిదికి బదులు ఆరు వస్తే ఒకటిన్నర అదనంగా తెచ్చుకోవాలి. అప్పుడు నిన్ను నువ్వు అడగాల్సిన ప్రశ్న మారుతుంది. ఈ గంటలు లెక్కలకు ఇస్తే అక్కడ వచ్చే లాభం, ఇక్కడ తర్వాత మోయాల్సిన ఆ మార్కున్నర కంటే పెద్దదా? సాధారణంగా పెద్దదే అవుతుంది. కానీ క్విజ్ పాఠమే చివరి పరీక్షలో పెద్ద భాగమైతే, ఇప్పుడు చదివింది అప్పుడు కూడా పనికొస్తుంది. అప్పుడు వెయిటేజీని ఒక్క రెండుగా లెక్కించడం తప్పు.

రెండోది, తక్కువ మార్కులు వచ్చిన క్విజ్‌ను వదిలేసే నియమం. ఐదులో మంచివి నాలుగు తీసుకుంటారనుకో. ఆ అమ్మాయి మార్కులే చూడు: 9, 7, 8, 8. ఐదోదానిలో సున్నా వచ్చినా ఆ సున్నానే వదిలేస్తారు, ఏమీ తగ్గదు. పదికి పది వస్తే ఏడు పోయి పది చేరుతుంది, నలభైకి 32 కాస్తా 35 అవుతుంది. పది శాతంలో అది 8 నుంచి 8.75. అంటే తగ్గేది ఏమీ లేదు, పెరిగేది ముప్పావు మార్కు. ఇలాంటి నియమం ఉంటే సున్నా వేసి కట్టేటప్పుడు దాన్ని కూడా కలుపుకోవాలి, లేకపోతే లేని ముప్పు ఉన్నట్టు కనిపిస్తుంది.

మూడోది, గైర్హాజరు. తక్కువ చదివి రాయడం ఒకటి, అసలు రాయకపోవడం ఇంకొకటి. కొన్ని చోట్ల క్విజ్ రాయకపోతే సున్నా పడదు, ‘అసంపూర్తి’ అని పడుతుంది, అది తేలేదాకా సబ్జెక్టు ఫలితమే ఆపేస్తారు. ఇంకొన్ని చోట్ల క్విజ్‌ల విభాగంలో కనీసం ఇంత శాతం ఉంటేనే ఉత్తీర్ణత. అలాంటి కనీస హద్దు ఉంటే దానికి విడిగా రెండు చివర్లూ కట్టాలి. కాబట్టి ఎంత తక్కువ చదివినా వెళ్లి కూర్చుని రాయి. ఆ అమ్మాయి కూడా శుక్రవారం మానేసి ఇంట్లో లెక్కలు చేసుకుంటానంది, నేనే వద్దన్నాను.

నాలుగోది, నీకు అక్షరం ముఖ్యమా, అంకె ముఖ్యమా అన్నది. తర్వాత చేరబోయే చోట గ్రేడు మాత్రమే చూస్తే ఇంతవరకూ చెప్పినదంతా వర్తిస్తుంది. శాతం చూస్తే, 84.9కీ 86.9కీ తేడా ఉంది, ‘ఏమీ మారదు’ అనడం కుదరదు. అప్పుడు కూడా 0.6 ఎక్కడ, 2 ఎక్కడ అని పోల్చుకోవచ్చు, సాధారణంగా లెక్కలకే మొగ్గు ఉంటుంది. కానీ నష్టం లేదని మాత్రం చెప్పుకోకూడదు.

అమ్మ సంగతి. ఆమె అన్నదాన్ని నేను కొట్టిపారేయను. ఆమె భయం ఈ క్విజ్ గురించి కాకపోవచ్చు, ‘ఇది చిన్నది’ అనే అలవాటు గురించి కావచ్చు. ఆ అబ్బాయికి జరిగింది అదే కదా. ‘నాకు అనిపిస్తోంది’ అని చెబితే ఏ అమ్మా ఒప్పుకోదు. కాగితం చూపించు. ఒక పక్క కెమిస్ట్రీ జమ, దాని కింద సున్నా వేసిన మొత్తం, పూర్తి మార్కులు వేసిన మొత్తం. ఇంకో పక్క లెక్కలవి. కింద శుక్రవారందాకా ఏ గంటలో ఏం చేయబోతున్నావో రాయి, క్విజ్‌కు ఉంచిన నలభై నిమిషాలతో సహా. ఆ అమ్మాయి వాళ్లమ్మ గారు కాగితం చూసి అడిగింది ఒక్కటే: “ఈ పేర్లు పెట్టడం వచ్చే టర్మ్‌లో అక్కర్లేదా?” మంచి ప్రశ్న, నాకు తట్టలేదు. అక్కరుంటుంది. అందుకని సెలవుల మొదటి వారంలో రెండు పొద్దుటి పూటలు దానికి రాసుకుని, ఆ కాగితం కిందే కలిపింది.

ఇప్పుడు నీ లెక్క నాకు తెలియదు. ఈ నాలుగూ ఇక్కడ రాయి: కెమిస్ట్రీలో ఇప్పటిదాకా ఏ విభాగంలో ఎంత వచ్చింది, ఒక్కోదాని వాటా ఎంత, క్విజ్ కాక ఇంకేం మిగిలి ఉంది, గ్రేడు హద్దులు ఎక్కడున్నాయి. సవరణ నియమం ఉంటే అది కూడా. బుధవారం రాత్రిలోపు రాస్తే రెండు చివర్లూ నేనూ కట్టి చూస్తాను. నువ్వు కట్టినదానితో సరిపోలకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతుకుదాం.